బిల్లు మొత్తం కట్టేసినా మళ్ళీ వడ్డీ ఎందుకు పడింది?

సమస్య

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా చెల్లెలు ఆగస్టు 10 నాటి క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ పట్టుకుని వచ్చింది. "అన్నయ్యా, జులై 28న మొత్తం కట్టేశాను. ఆ తర్వాత కార్డు వాడనే లేదు. ఈ 461 రూపాయల 65 పైసలు ఎక్కడివి?" అని ఒకటే టెన్షన్.

కారణం

ఒక్క ఆగస్టు కాగితం చూస్తే ఇది అర్థం కాదు. జులైది కూడా పక్కన పెట్టుకున్నాం.

జూన్ 2న 20,000 రూపాయలకు వాషింగ్ మెషీన్ కొంది. జూన్ 30 గడువు. పిల్లల ఫీజుల హడావిడిలో ఏమీ కట్టలేదు. గడువు దాటితే వడ్డీ లేని రోజులు పోతాయి. వడ్డీని గడువు నుంచి కాదు, కొన్న రోజు నుంచే లెక్కిస్తారు. తన కార్డుకు నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. జులై 10 స్టేట్‌మెంట్ వరకు 39 రోజులు.

```
20000 × 39 × 0.42 ÷ 365 = 897.53
```

"Finance Charges" లైన్లో ఉన్నది ఇదే. దాని మీద 18 శాతం జీఎస్టీ 161.56. ఆలస్య రుసుము 750, దానికీ జీఎస్టీ 135. మొత్తం 21,944.09. తను పైసాతో సహా కట్టింది.

కానీ ఆ లెక్క జులై 10తో ఆగింది. డబ్బు చేరింది 28న. మధ్యలో 11 నుంచి 27 వరకు 17 రోజులు అప్పు అలాగే ఉంది. ఆ రోజుల వడ్డీ 391.23, జీఎస్టీ 70.42. కలిపితే సరిగ్గా 461.65. బ్యాంకు తప్పేమీ లేదు.

పరిష్కారం

ఈ మొత్తాన్ని గడువులోపు పూర్తిగా కట్టేస్తే గొలుసు తెగుతుంది. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే వడ్డీ లేని రోజులు మళ్ళీ పోతాయి, కొత్తగా కొన్న వాటికీ మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఆలస్యంగా కట్టాల్సి వస్తే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "ఈరోజు కడితే వడ్డీతో కలిపి ఎంత?" అని అడిగి అంతా కట్టండి. అది ముగిసేదాకా కార్డు బయటకు తీయకండి.

ఆలస్య రుసుము విషయంలో తేదీలు చూడండి. గడువు తర్వాత మూడు రోజుల కన్నా ఎక్కువ ఆలస్యమైతేనే అది వేయాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. రెండో రోజే కట్టినా వేశారంటే వెనక్కి అడగండి. రుసుముతో పాటు దాని జీఎస్టీ కూడా తిరిగొచ్చిందో లేదో చూసుకోండి, చాలామంది ఇది మర్చిపోతారు. బ్యాంకుకు ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు.

రివార్డు పాయింట్లలో మైనస్ కనిపిస్తే, ఆ నెల ఏదైనా వస్తువు వాపసు చేశారేమో ముందు చూడండి. రీఫండ్ వస్తే ఆ కొనుగోలుకు ఇచ్చిన పాయింట్లు కూడా తీసేస్తారు. వాపసు ఏమీ లేకపోతే, ఏ కొనుగోలు తాలూకు పాయింట్లు తీశారో తేదీతో సహా చెప్పమని రాతపూర్వకంగా అడగండి.