మలద్వారం పక్కన సలిపే గడ్డ: చూపించకుండా మందు మింగొద్దు

పోయిన వారం మా సర్జరీ వార్డుకు ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. 42 ఏళ్ళు. కూర్చోలేక వెనక సీట్లో బోర్లా పడుకుని, తమ్ముడు బండి తోలుతుంటే వచ్చాడు. చేతిలో కవరు నిండా కాగితాలున్నాయి: మూత్ర పరీక్ష, పొట్ట స్కానింగు, రెండు మందుల చీటీలు. ఏడు రోజుల్లో ఇన్ని చేయించాడు గానీ, నొప్పి ఉన్న చోటు మాత్రం ఎవరూ చూడలేదు. ఆయనా చూపించలేదు.

మొదటి రోజు తుంటి లోపల ఏదో బరువుగా అనిపించిందట. ఎక్కువసేపు కూర్చునే పని కాబట్టి వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాడు. రెండో రోజు వాళ్ళ వీధి ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షనూ నొప్పి బిళ్ళలూ ఇచ్చాడు. ఒక పూట తగ్గి మళ్ళీ మొదలైంది. నాలుగో రోజు మూత్రం సరిగా రాలేదు. దాంతో కథ పక్కదారి పట్టింది. పొత్తికడుపులో బరువు, మూత్రం బొట్లు బొట్లుగా రావడం విని ప్రోస్టేట్ వాపన్నారు. స్కానింగులో పెద్దగా ఏమీ లేదు. అయినా మూత్రంలో ఇన్ఫెక్షనుకు బిళ్ళలు రాసిచ్చారు. ఆరో రోజు రాత్రి చలిజ్వరం.

మా డ్యూటీ డాక్టరు ఎడమ పక్కకు పడుకోబెట్టి చూస్తే బయట ఎరుపు లేదు, గడ్డ లేదు. గ్లవ్స్ వేసుకుని వేలు లోపలికి పెట్టగానే మనిషి మంచం మీంచి లేచినంత పని చేశాడు. లోపల ఒక పక్క గోడ ఉబ్బి తగులుతోంది. మత్తిచ్చి కోస్తే చిన్న టీ గ్లాసెడు చీము వచ్చింది. రక్తంలో చక్కెర 340. తనకు షుగరుందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

పొట్ట మీద చేసే మామూలు స్కానింగులో ఈ గడ్డ తప్పిపోవచ్చు. లోతుగా ఉందని అనుమానం ఉంటే డాక్టరు ఎమ్మారై రాస్తారు. అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది, పైసా ఖర్చు లేనిది, చూడటం.

అసలు ఈ చీము ఎక్కడిదంటే, మలద్వారం లోపల చర్మమూ పేగు పొరా కలిసే గీత దగ్గర చిన్న చిన్న గ్రంథులుంటాయి. వాటిలో ఒకదాని నోరు మూసుకుపోతే లోపల క్రిములు పెరిగి చీము పడుతుంది. శుభ్రంగా కడుక్కునే వాళ్ళకూ వస్తుంది, కాబట్టి సిగ్గుపడాల్సిన రోగమేం కాదు. ఆ చీము కిందికి దిగితే ద్వారం పక్కన ఎర్రగా వేడిగా గడ్డ కనిపిస్తుంది. పక్కకు పోతే పిరుదు గట్టిపడుతుంది. పైకి పాకితే బయట ఏమీ కనపడదు. నొప్పి తుంటి లోపల, పొత్తికడుపులో తెలుస్తుంది, మూత్రం బిగుస్తుంది. ఆడవాళ్ళయితే గర్భసంచి వాపు అని మందులు మొదలవుతాయి. మగవాళ్ళయితే ప్రోస్టేట్.

మొలలా, ఫిషరా, చీము గడ్డా అని తేల్చుకోవడానికి నొప్పి నడక గమనించండి. ఫిషరంటే చీలిక. దొడ్డికి వెళ్ళినప్పుడు గాజుపెంకుతో కోసినట్టు ఉంటుంది, తర్వాత కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా మండుతుంది, మళ్ళీ వెళ్ళేదాకా కాస్త నెమ్మదిస్తుంది. లోపలి మొలలు సాధారణంగా నొప్పి పెట్టవు, రక్తం పడుతుంది. బయటి మొలలో రక్తం గడ్డకడితే మాత్రం ఉన్నట్టుండి నీలంగా ఉండ వస్తుంది, రెండు మూడు రోజులు బాగా నొప్పి పెట్టి ఆపైన తగ్గుముఖం పడుతుంది. చీము గడ్డకు దొడ్డితో పనిలేదు. పగలూ రాత్రీ గుండె కొట్టుకున్నట్టు సలుపుతుంది, దగ్గినా కూర్చున్నా ఎక్కువవుతుంది, నిన్నటికంటే ఇవాళ పెరుగుతుంది. నిద్రపోనివ్వని నొప్పి మొలల నొప్పి అని సర్దుకోవద్దు.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ వార్డులో నర్సుని. మనుషుల్ని పాడుచేసే తప్పు ఇదొక్కటే: చూపించకుండా మందు మింగడం. యాంటీబయాటిక్ రక్తంతో పాటు ఒళ్ళంతా తిరుగుతుంది గానీ, చీము సంచి లోపల రక్తనాళాలుండవు. మందు గోడ దాకా పోయి ఆగిపోతుంది. చుట్టూ ఎరుపు తగ్గుతుంది, జ్వరం దిగుతుంది, లోపల చీము అలాగే ఉంటుంది. నొప్పి బిళ్ళ దానికి ముసుగు వేస్తుంది. షుగరున్న వాళ్ళకు, చుట్టూ చర్మం వాచిన వాళ్ళకు యాంటీబయాటిక్ అవసరమే, కానీ అది కోతకు తోడు, కోతకు బదులు కాదు.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి.

రెండు రోజులు వరసగా సలుపు పెరుగుతుంటే సర్జన్ దగ్గరికి వెళ్ళండి. "కింద నొప్పి" అని ఊరుకోకుండా, "మలద్వారం దగ్గర నొప్పి, చూడండి" అని నోరు తెరిచి చెప్పండి. ఆడ డాక్టరు కావాలంటే అడగండి. సిగ్గుతో ఆగొద్దు.

చూడకుండా చీటీ రాస్తే ఇంకొకరి దగ్గరికి పోండి.

నొప్పి వల్ల వేలు పెట్టనివ్వలేకపోతే ఓర్చుకోమని బలవంతం చెయ్యక్కర్లేదు, మత్తులో చూస్తారు.

గడ్డ పండాలని ఆగొద్దు. మా పెద్దవాళ్ళ మాట అది, చేతి మీద సెగ్గడ్డకు ఎలాగున్నా ఇక్కడ పనికిరాదు. పండేలోపు చీము లోపలికి దారి చేసుకుంటుంది.

ఆకు పసరు కట్టొద్దు. సూదితో పొడవొద్దు. పిండొద్దు.

"మొలలకు ఒకే ఇంజెక్షన్" బోర్డు ఉన్నచోట ఈ గడ్డకు సూది వేయించుకోవద్దు.

దానంతటదే పగిలి చీము కారిందా? హాయిగా అనిపిస్తుంది. అయినా చూపించండి. చిన్న కన్నం పైన మూసుకుని లోపల మళ్ళీ నిండుతుంది.

షుగరున్నవాళ్ళు, స్టెరాయిడ్లు వాడేవాళ్ళు, క్యాన్సరు మందులు ఎక్కించుకునేవాళ్ళు రెండు రోజులు కూడా ఆగొద్దు. వాళ్ళకు జ్వరం రాకపోవచ్చు.

చర్మం నల్లబడటం, కుళ్ళు వాసన, నొక్కితే కరకరలాడటం, వాపు వృషణాల దాకా పాకడం, మనిషి మత్తుగా మాట్లాడటం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాల్సిన పని. తెల్లారేదాకా ఆగొద్దు.

మూత్రం పూర్తిగా ఆగినా అంతే.

రక్తం పడుతోందంటే అది మొలలేనని ఇంట్లో తీర్పు చెప్పుకోవద్దు.

కోసిన పుండును కుట్టరు, తెరిచే ఉంచుతారు. లోపలి నుంచి మానాలి. కుట్టలేదని గొడవ పెట్టుకోవద్దు. గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చోండి, రోజుకు రెండు మూడు సార్లు, దొడ్డికి వెళ్ళొచ్చాక తప్పకుండా. నీళ్ళు మరీ వేడి వద్దు, కాలిన ఒళ్ళు కూడా చూశాను. డెటాల్ పోయొద్దు. మలబద్ధకం రానివ్వొద్దు.

గడ్డ కోయించుకున్న వాళ్ళలో దాదాపు మూడోవంతు మందికో, ఇంకాస్త ఎక్కువ మందికో తర్వాత అదే దారిలో ఫిస్టులా మిగులుతుంది, మనవాళ్ళు భగందరం అంటారు. మానిన చోట చిన్న మొటిమలా లేచి, ఆగి ఆగి చీము తడి లోదుస్తులకు అంటుతుంది. ఆపరేషన్ చెడగొట్టారని తిట్టుకుంటూ వేరే ఊరు పోకండి. డిశ్చార్జి కాగితం దాచుకోండి, ఎటు పక్క, ఎంత లోతున కోశారో అందులో ఉంటుంది. రెండోసారి వచ్చేటప్పుడు అది తీసుకురండి.