ఫోటోలో సామగ్రిని గుర్తుపట్టడం – 4వ పాఠం: టైలు వెనకాల ఉండే పేరు

గత పాఠంలో అట్టపెట్టె మీద అక్షరాలు చదివాం. ఈసారి పెట్టె లేదు, బిల్లు లేదు, మిగిలిన టైలు కూడా లేదు అనుకోండి. తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటి వంటగదిలో పైపు కారి నాలుగు టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది. అదే రకం కావాలని ఇంటివారు ఒక ఫోటో పంపారు. అందులో పైనుంచి తీసిన నేల, దాని మీద మెరుపు. దానితో కంపెనీ తేలదు. తెల్లటి టైల్స్ అన్నీ ఫోటోలో అక్కచెల్లెళ్ళే.

అడగాల్సిన ఫోటో టైలుది కాదు, టైలు ఊడిన చోటుది. టైలు వెనక ఉబ్బెత్తు గీతలూ, చాలావాటికి కంపెనీ పేరూ ఉంటాయి. టైలు ఊడి వస్తే ఆ పేరు సిమెంటు మీద గుంటగా, తలకిందులుగా కాదు, అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారి మిగులుతుంది. మేస్త్రి చెక్కేయకముందే ఫోన్ చేసి ఆపించండి. ఆ ఒక్క గంట ఆలస్యమైతే సాక్ష్యం తట్టలో పోతుంది.

దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపాలి, నీళ్ళు పోయకూడదు. టార్చిలైటును నేలకు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి, పైనుంచి ఫోటో తీయించండి. పైనుంచే లైటు వేస్తే గుంటలు మాయమవుతాయి. తర్వాత ఫోన్‌లో ఫోటోను కుడిఎడమలు తిప్పండి. అప్పటికీ తేలకపోతే అచ్చు మీద పల్చని కాగితం పరిచి పెన్సిల్ పక్కతో మెల్లగా రుద్ది, కాగితం వెనకనుంచి వెలుతురుకు పెట్టి చదవాలి. నాకైతే రెండోదే ఎక్కువ నమ్మకం.

కొర్లగుంటలో చివరి మూడు అక్షరాలే వచ్చాయి. పగిలిన ముక్క అంచు ఫోటో అడిగాను. పై రంగు కాగితమంత పల్చగా ఉంటే అచ్చువేసిన గ్లేజు రకం. కొన్ని మిల్లీమీటర్ల మందాన వేరే పొర కనిపిస్తే డబుల్ చార్జ్. ఇది రెండోది. పగలని టైలు కొలిస్తే 600 మిల్లీమీటర్ల చదరం. ఈ మూడు ఆనవాళ్ళతో రేణిగుంట రోడ్డు దుకాణంలో అదే డిజైను దొరికింది.

అయితే దొరికింది పేరు మాత్రమే. ఒకే డిజైను అయినా బ్యాచి మారితే రంగు కొంచెం మారుతుంది. ముక్కనూ కొత్త టైలునూ తడిగుడ్డతో తుడిచి, దుకాణం బయట ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తది ఒక వీసం తెల్లగా ఉంది. అందుకే నాలుగింటి బదులు, ద్వారబంధం వరకు ఆ వరసంతా మార్చమన్నాను. గడప దగ్గర రంగు మారితే కంటికి తట్టదు. మేస్త్రి గొణిగాడు, ఇంటావిడ ఒప్పుకున్నారు.

ఇంకో చిక్కు: ఆ అచ్చులో పేరు తయారుచేసిన కర్మాగారానిది కావచ్చు, పెట్టె మీద పేరు అమ్మిన కంపెనీది కావచ్చు. గుజరాత్‌లోని మోర్బీ కర్మాగారాలు ఇతర కంపెనీల పేరుతోనూ టైల్స్ చేసిస్తాయి. దుకాణంలో రెండు పేర్లూ చెప్పి అడగండి.

అభ్యాసం: ఇంట్లో ఎక్కడైనా పాత టైలు ముక్క ఉంటే, వెనక వైపును తడి మట్టిలో నొక్కి, ఆ అచ్చును పక్క వెలుగులో ఫోటో తీసి తిప్పి చదవండి. వచ్చే పాఠం పెయింటు డబ్బా మూత మీద స్టిక్కరు.