మేకు మునిగింది, ఓడ తేలింది: ప్రయోగంలో వచ్చే తంటాలు, వాటి మందు

కృష్ణపట్నం రేవులో బొగ్గు ఓడను చూసొచ్చిన పిల్లలు మర్నాడు క్లాసులో అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, అంత ఇనుము తేలుతుంటే ఇంత మేకు ఎందుకు మునుగుతుంది?" ముత్తుకూరు వైపు ఏడో తరగతి పిల్లలతో ఈ ప్రయోగం చాలాసార్లు చేయించాను. కావాల్సింది ఒక బకెట్టు నీళ్లు, ఒక స్టీలు గిన్నె, అర కిలో మేకులు, వంటింటి కాటా. అది సరిగ్గా రాకపోవడానికి దారులు మాత్రం చాలా ఉన్నాయి. ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

సమస్య: గిన్నె తేలింది, మేకు మునిగింది. ఎందుకంటే చెప్పలేకపోయాను

"గిన్నె తేలిక, మేకు బరువు" అని చాలామంది టక్కున చెప్పేస్తారు. కాటా మీద పెట్టి చూడండి. నా దగ్గరున్న గిన్నె 160 గ్రాములు, 3 అంగుళాల మేకు 8 గ్రాములు. గిన్నే ఇరవై రెట్లు బరువు. కాబట్టి ఆ జవాబు చెల్లదు. "లోపల గాలి ఉంది, అది పైకి లాగుతోంది" అనేది రెండో జవాబు. గాలి దేన్నీ పైకి లాగదు.

అసలు కారణం మేకు దగ్గర మొదలుపెడితే తేలిగ్గా తెలుస్తుంది. స్టీలు ఒక ఘన సెంటీమీటరు సుమారు 8 గ్రాములు తూగుతుంది. అంటే మన మేకు నీటిలో ఆక్రమించే చోటు 1 ఘన సెంటీమీటరు. మేకు రాకముందు ఆ చోట 1 గ్రాము నీళ్లున్నాయి. అవి కిందికి జారకుండా చుట్టూ ఉన్న నీళ్లు మోస్తున్నాయి. ఇప్పుడు ఆ చోటికి మేకు వచ్చింది. చుట్టూ ఉన్న నీళ్లకు ఆ సంగతి తెలియదు. అవి ఎప్పటిలాగే 1 గ్రాము బరువే మోస్తాయి. మిగతా 7 గ్రాములు మోసేవాళ్లు లేరు, అందుకే మేకు అడుక్కి పోయింది. నీళ్లు ఇలా పైకి మోసే బలాన్నే పుస్తకంలో ఉత్ప్లవన బలం అంటారు. పక్కకి తప్పుకున్న నీటి బరువు ఎంతో ఆ బలం అంత. ఆర్కిమెడీస్ చెప్పింది ఇదే.

ఇక గిన్నె సంగతి. అందులో ఉన్న స్టీలు 20 ఘన సెంటీమీటర్లే. కానీ గిన్నెలో 600 మి.లీ. నీళ్లు పడతాయి. కాబట్టి అంచు దాకా దిగితే అది తప్పించగలిగే నీళ్లు మొత్తం 620 మి.లీ. దానికి అంత అవసరమే లేదు. 160 మి.లీ. తప్పించేసరికే దాని బరువంతా నీళ్లు మోసేస్తాయి, అక్కడితో దిగడం ఆగిపోతుంది. గాలి చేసే మేలు ఒక్కటే. దాదాపు బరువు లేకుండా ఆ చోటును నింపుతుంది. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది గిన్నె గోడ.

ఓడకీ ఇదే లెక్క, అంకెలే పెద్దవి. 225 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు ఉన్న బొగ్గు ఓడ 14 మీటర్ల లోతు దిగిందనుకోండి. అది పెట్టెలా ఉంటే 1,00,800 ఘనపు మీటర్ల నీళ్లు తప్పుకోవాలి. కానీ ముందూ వెనకా సన్నబడుతుంది కాబట్టి దాదాపు 87,000 అనుకుందాం. సముద్రపు నీళ్లు ఘనపు మీటరుకు 1,025 కిలోలు. గుణిస్తే సుమారు 89,000 టన్నులు వస్తుంది. ఓడ ఇనుము, బొగ్గు, ఇంధనం, మనుషులు అన్నీ కలిపి అంత బరువున్నా సముద్రం మోస్తుంది. బొగ్గు దించేశాక ఓడ పైకి లేస్తుంది. అంతదాకా నీటిలో ఉన్న ఎర్ర రంగు అడుగుభాగం అప్పుడు బయటపడుతుంది.

సమస్య: పొర్లిన నీళ్లు తూచితే 160 గ్రాములు రాలేదు, తక్కువ వచ్చింది

నిండు పాత్రలో గిన్నె దించి, పొర్లిన నీళ్లు పట్టి తూచమంటాం కదా, అక్కడ వచ్చే తంటా ఇది. సూత్రం తప్పు కాదు. నిండా పోసినప్పుడు నీళ్లు అంచు కంటే కొంచెం పైకి ఉబ్బి కూడా ఒలకవు. ఎంత ఉబ్బుంటే ఒలుకుతాయో ప్రతిసారీ ఒకేలా ఉండదు. పైగా కొన్ని నీళ్లు పాత్ర బయటి గోడకు అంటుకుని, కింది పళ్లెంలోకి చేరవు.

దీనికి పెద్ద ప్లాస్టిక్ డబ్బాకు పైనుంచి మూడు వేళ్ల కింద చిల్లు పెట్టి, కూల్‌డ్రింకు గొట్టం ఒకటి కిందికి వాలేలా దూర్చి, చుట్టూ మైనం పట్టించండి. గొట్టంలోంచి కారేదాకా నీళ్లు పోసి, చుక్కలు పూర్తిగా ఆగేదాకా ఆగండి. ఇక్కడే పిల్లలు తొందరపడతారు. ఆ తర్వాతే కింద ఖాళీ గ్లాసు పెట్టి గిన్నెను మెల్లగా దించాలి. గిన్నె డబ్బా గోడకు తగలకూడదు. 155 గ్రాములు దాటితే ఇంట్లో చేసే ప్రయోగానికి అది మంచి ఫలితమే.

సమస్య: ఫాయిల్ పడవ తేలింది సరే, నలిపి ఉండ చేసినా మునగట్లేదు

పార్సిల్ ఫాయిల్‌తో పడవ చేస్తే తేలుతుంది, ఉండ చేస్తే మునుగుతుంది అని చూపించబోయి అందరి ముందూ టెన్షన్ పడేది ఇక్కడే. చేత్తో ఎంత నలిపినా మడతల మధ్య గాలి మిగులుతుంది, ఉండ బరువుకు మించిన చోటు ఆక్రమిస్తుంది. చదును రాయి మీద పెట్టి సుత్తితో బిళ్లలా అయ్యేదాకా కొట్టి, నీటి లోపలే వేళ్లతో నొక్కి వదలండి. పైపైన వదిలితే పలచని బిళ్ల నీటి పై పొర మీద నిలిచిపోవచ్చు. అది ఉత్ప్లవనం కాదు, తలతన్యత. ఒక చుక్క సబ్బు నీళ్లు పడితే చాలావరకు దిగిపోతుంది.

సమస్య: లెక్క ప్రకారం 57 మేకులు పట్టాలి, 30కే గిన్నె బోర్లా పడింది

620లోంచి 160 తీసేస్తే 460. దాన్ని 8తో భాగిస్తే 57. లెక్క సరైనదే. కానీ అది గిన్నె అంచు నీళ్లతో సమానంగా, ఎటూ వాలకుండా దిగితే వచ్చే సంఖ్య. మేకులు ఒక పక్కన కుప్పపడితే గిన్నె అటు వంగుతుంది. ఆ పక్క అంచు నీళ్లలోకి దిగి, నీళ్లు లోపలికొస్తాయి. లోపలికొచ్చిన నీళ్లు ఇక తప్పుకున్న నీళ్ల లెక్కలోకి రావు. పైగా వంగిన వైపుకే చేరి ఇంకా వంచుతాయి.

మేకుల్ని గుప్పెడుగా పోయకుండా ఒక్కొక్కటే అడుగున పరచండి, ఎదురెదురుగా సర్దండి. నాకు 50 దాటడం రెండుసార్లే కుదిరింది. ఓడలోనూ బొగ్గును ఒక పక్కకు పోయనివ్వరు. ఎక్కించాక కుప్పల్ని చదును చేస్తారు. ఖాళీగా వెళ్లే ఓడ మరీ పైకి తేలి ఊగకుండా అడుగు ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు ఎక్కిస్తారు.

సమస్య: ఉప్పు నీళ్లలో గిన్నె పైకి తేలాలి కదా, తేడా కనపడలేదు

తేడా ఉంది, మీ కంటికి అందదంతే. సముద్రపు నీళ్లు మంచినీళ్ల కంటే నూటికి రెండున్నర వంతులు బరువు. 160 గ్రాముల గిన్నె మంచినీళ్లలో 160 మి.లీ. తప్పిస్తే, సముద్రపు నీళ్లలో 156 తప్పిస్తుంది. గిన్నె గోడ మీద అది మిల్లీమీటరు కూడా ఉండదు. గ్లాసు నీళ్లలో చెంచాల కొద్దీ ఉప్పు కలిపి కోడిగుడ్డు వేయండి, మార్పు కళ్లారా చూస్తారు. అదే 14 మీటర్లు దిగిన ఓడ సముద్రంలోంచి మంచినీటి నదిలోకి వెళ్తే 30 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. అందుకే ఓడ పక్కన ఎంతదాకా దిగొచ్చో చెప్పే గీతల్లో మంచినీళ్లకు విడిగా ఒకటి, కాస్త పైన, గీసి ఉంటుంది.