ఆన్‌లైన్ పరీక్ష చిక్కులు – 3వ పాఠం: అదనపు సమయమా, మళ్లీ పరీక్షా?

పరీక్ష మధ్యలో పేజీ ఆగిపోతే తెరను, గడియారాన్ని కలిపి ఎలా ఫొటో తీసుకోవాలో గత పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ ఆధారాలతో అర్జీ రాద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పరీక్ష 90 నిమిషాలు, 12 ప్రశ్నలు. ఉదయం 10:00కు మొదలైంది. 7వ ప్రశ్న జవాబు సేవ్ అయిన కాసేపటికి, 10:38కి, పేజీ పోయి తెర మీద `504 Gateway Timeout` అని కనిపించింది. 10:57కి పేజీ తిరిగి వచ్చింది. టైమర్ మాత్రం ఆగలేదు, 33 నిమిషాలే మిగిలాయి. 11:30కి పరీక్ష దానంతట అదే సబ్మిట్ అయింది. చివరి రెండు ప్రశ్నలు రాయకుండానే ఉండిపోయాయి.

ముందు నష్టం ఏమిటో తేల్చుకోవాలి. రాసిన జవాబులన్నీ భద్రంగా ఉండి సమయం మాత్రమే పోతే, అడగవలసింది అదనపు సమయం. జవాబులు చెరిగిపోయినా, పరీక్షలోకి తిరిగి వెళ్లలేకపోయినా మళ్లీ పరీక్ష అడగడం న్యాయం. ఈ ఉదాహరణలో పోయింది 19 నిమిషాలు. దానికి మొత్తం పరీక్ష మళ్లీ పెట్టమంటే, అడిగింది నష్టాన్ని మించిపోతుంది. పైగా మళ్లీ రాస్తే, చాలాచోట్ల పాత ప్రయత్నం రద్దవుతుంది. బాగా రాసిన పది జవాబులూ దానితోపాటే పోతాయి.

అయితే ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పరీక్ష ముగిసింది, పరీక్ష రాసిన అమ్మాయి ఆ రెండు ప్రశ్నలూ చూసేసింది. అవే ప్రశ్నలకు ఇప్పుడు సమయం ఇస్తే మిగతావారికి అన్యాయమని అధికారి అనుకుంటారు, అది సబబే. అందుకే వేరే ప్రశ్నలు ఇవ్వమని మనమే అడగడం మేలు. పరీక్ష ఇంకా నడుస్తుండగానే సందేశం పంపగలిగితే ఈ చిక్కు ఉండదు. మూడుల్ వంటి ఆన్‌లైన్ బోధన వేదికల్లో ఒక్క విద్యార్థికి మాత్రమే సమయం పెంచే వీలు ఉపాధ్యాయులకు ఉంటుంది.

తర్వాత, తప్పు ఎక్కడ జరిగింది? 504 అంటే మన అభ్యర్థన ఒక సర్వర్ దాకా చేరిందనీ, దాని వెనకనున్న మరో సర్వర్ వేళకు బదులివ్వలేదనీ అర్థం. కాబట్టి తప్పు చాలావరకు అవతలి వైపే. అదే `ERR_INTERNET_DISCONNECTED` అని కనబడితే మన ఇంటర్నెట్టే తెగిపోయిందని. అర్జీలో తెర మీద ఉన్న మాటను అక్షరం పొల్లుపోకుండా రాయండి. కారణాన్ని మాత్రం ఊహించి రాయకండి. సర్వర్ లాగ్‌ను, అంటే సర్వర్‌లో జరిగినవి నమోదయ్యే చిట్టాను, చూసేది పరీక్ష నిర్వాహకులే.

ఆ లాగ్‌లో మీకు సంబంధించిన వరుస దొరకాలంటే గడియారం ఒక్కటే చాలదు. మీ ఫోను సమయానికీ సర్వర్ సమయానికీ తేడా ఉండవచ్చు, సర్వర్ వేరే కాలమండలంలోనూ ఉండవచ్చు. అందుకే సమయంతో పాటు ఒక సంఘటననూ చెప్పాలి. '7వ ప్రశ్న సేవ్ అయిన తర్వాత' అంటే ఆ వరుస పట్టుకోవడం తేలిక.

అర్జీ ఇలా ఉంటుంది:

'గౌరవనీయులైన పరీక్షల అధికారి గారికి,

నా పరీక్ష ఉదయం 10:00కు మొదలైంది. 7వ ప్రశ్న జవాబు సేవ్ అయిన తర్వాత, సుమారు 10:38కి, 504 Gateway Timeout అనే సందేశం వచ్చి పేజీ ఆగిపోయింది. అప్పుడు ఇతర వెబ్‌సైట్లు తెరుచుకుంటూనే ఉన్నాయి. 10:57కి పేజీ తిరిగి వచ్చేసరికి టైమర్‌లో 33 నిమిషాలు ఉన్నాయి. ఇలా 19 నిమిషాలు కోల్పోయి 11, 12 ప్రశ్నలు రాయలేకపోయాను. వాటికి బదులు వేరే రెండు ప్రశ్నలు ఇచ్చి 19 నిమిషాలు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. అది వీలుకాని పక్షంలో కొత్త ప్రశ్నపత్రంతో మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఇవ్వగలరు. స్క్రీన్‌షాట్లు జతచేశాను.'

దీని కింద పేరు, హాల్‌టికెట్ సంఖ్య, పరీక్ష పేరు, తేదీ రాస్తే చాలు. ఎంత కష్టపడి చదివారో ఇందులో చెప్పనక్కరలేదు. చదివే అధికారి దాన్ని ఏ ఆధారంతోనూ సరిచూడలేరు.

అర్జీని అదే రోజు, మార్కులు తెలియకముందే పంపండి. ఫలితం చూశాక అడిగితే, మార్కులు తగ్గినందుకే అడుగుతున్నారన్న అనుమానం సహజంగా వస్తుంది. ఫిర్యాదుకు గడువు ఎంతో పరీక్ష సూచనల్లో చూసుకోండి. కొన్ని సంస్థలు ఈమెయిల్ కాకుండా తమ ఫారంలోనే రాయమంటాయి.

అభ్యాసం: పై ఉదాహరణలో 10:38కి కనిపించింది ERR_INTERNET_DISCONNECTED అనుకోండి. అర్జీలో ఏ వాక్యాలు మారాలి, ఏవి అలాగే ఉండాలి? రాసి చూసుకోండి. అర్జీని తిరస్కరిస్తే ఎవరికి, ఏమని రాయాలో 4వ పాఠంలో చూద్దాం.