నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుంటే 11:30కే మెలకువ వచ్చేస్తోందా? ముందు ఇది చూసుకోండి

ఇది పర్మనెంట్ నైట్ వాళ్ళ కోసం, అంటే వారానికి 5 రాత్రులు ఒకే టైమింగ్ ఉన్నవాళ్ళకి. వారం వారం షిఫ్ట్ మారేవాళ్ళ సంగతి చివర్లో చెప్తా. కిటికీకి దళసరి కర్టెన్, ఫోన్ సైలెంట్, గది చల్లగా ఉండటం, మధ్యాహ్నం దాకా బెల్ కొట్టొద్దని ఇంట్లోవాళ్ళకి చెప్పడం, ఇవన్నీ చేసేశారనుకునే రాస్తున్నా. చెయ్యకపోతే ముందు ఆ పని చూడండి.

సమస్య

రాత్రి 9:30కి లాగిన్, పొద్దున 6:30కి లాగౌట్, 8:30కల్లా మంచం మీద. పడుకోగానే నిద్ర పట్టేస్తుంది, కానీ మూడు గంటలకే కళ్ళు తెరుచుకుంటాయి, మళ్ళీ ఎంత దొర్లినా పట్టదు. సాయంత్రం తల దిమ్ముగా ఉంటుంది, తెల్లవారుజామున 4, 4:30కి సీట్లోనే తల వాలిపోతుంది. మా ఫ్లోర్‌లో కొత్తగా నైట్స్‌లోకి వచ్చిన ప్రతి రెండోవాడిదీ ఇదే కథ.

మొదటి కారణం: టీ

ఎన్నిసార్లు చెప్పినా వినరు. 6:30కి షిఫ్ట్ అయిపోతే రాత్రి 2 దాటాక టీ, కాఫీ, కూల్‌డ్రింక్ ఏదీ వద్దు, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం పోడానికే 5, 6 గంటలు పడుతుంది. "నాకు టీ తాగినా నిద్ర పడుతుంది అన్నా" అంటారు, పడుతుంది బాబూ, పట్టడం ఎవరు కాదన్నారు, ఆ నిద్ర పల్చగా ఉండి మధ్యలో తెగిపోతుంది, నీ సమస్య కూడా అదే కదా. ముందు ఒక వారం ఇది మానేసి చూడండి, కొంతమందికి ఇక్కడే తేలిపోతుంది.

దొంగ కారణం: ఇంటికొచ్చే దారిలో ఎండ

టీ మానేసినా మారలేదంటే 90 శాతం ఇదే అని నేను ముందే అనేసుకుంటా, ఎందుకంటే గదిలో ఎంత వెతికినా దొరకదు, ఇది గది బయట జరిగేది.

ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. రాత్రిళ్ళు పడుకునే మనిషికి ఒంటి వేడి బాగా తగ్గేది తెల్లవారుజామున 4, 5 మధ్య, నిద్ర గట్టిగా ముంచుకొచ్చేదీ అప్పుడే. ఆ టైమ్‌కి ముందు కంట్లో గట్టి వెలుతురు పడితే గడియారం ఆలస్యంగా నడవడానికి జరుగుతుంది, ఆ టైమ్ దాటాక పడితే వెనక్కి, అంటే ఇంకా ముందే లేచే వైపుకి లాగేస్తుంది. మనకి కావాల్సింది ఆలస్యం అవ్వడం. కానీ 7 గంటల ఎండ పడేది సరిగ్గా ఆ పాయింట్ దాటాకే. ఆఫీసులో ట్యూబ్‌లైట్ల వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటే బయట ఎండలో అది వేలల్లో ఉంటుంది, కాబట్టి రాత్రంతా లైట్ల కింద కూర్చుని సంపాదించింది కూడా అరగంటలో పోగొట్టుకుంటాం.

మా ఫ్లోర్‌లో ఒకబ్బాయి, కూకట్‌పల్లిలో రూమ్. నల్ల కర్టెన్ వేశాడు, చెవుల్లో ఫోమ్ ప్లగ్స్ పెట్టాడు, టీ మానేశాడు, అయినా 11:30కే లేచి కూర్చుంటున్నాడు. రూమ్ వేడి అన్నారు, కింద వాటర్ ట్యాంకర్ మోత అన్నారు. చివరికి 6:30 నుంచి 8:30 దాకా ఏం చేస్తున్నావో నిమిషాల లెక్కన చెప్పు అంటే బయటపడింది. 6:45కి రోడ్డు మీద బండి దగ్గర ఇడ్లీ, అక్కడే నిలబడి అరగంట కబుర్లు, తర్వాత బస్సులో ఎండ వైపు కిటికీ సీటు, రూమ్‌కొచ్చాక మేడ మీద బట్టలు ఆరేయడం. పడుకునే ముందు గంటన్నర ఎండ! పైగా శని, ఆదివారాలు ఇంట్లోవాళ్ళతో పాటు రాత్రి 11కి పడుకుని 7కి లేవడం, అంటే వారమంతా కాస్త జరిగిన గడియారం రెండు రోజుల్లో మళ్ళీ మొదటికి.

ఏం మార్చాడంటే

టిఫిన్ లోపల క్యాంటీన్‌లోనే. బయటికొచ్చేటప్పుడు టోపీ, నల్ల కళ్ళజోడు, బస్సులో నీడ వైపు సీటు, బట్టలు ఆరేయడం సాయంత్రానికి. షిఫ్ట్‌లో 4 లోపు బాగా వెలుతురున్న చోట కూర్చోవడం.

ఒక మాట గట్టిగా చెప్తున్నా, సొంతంగా బైక్ నడిపేవాళ్ళు నిద్ర మత్తులో ఉండి నల్ల కళ్ళజోడు పెట్టుకుని బండి తీయొద్దు. ఆఫీసులోనే 20 నిమిషాలు కునుకు తీసి, లేచాక ఇంకో పావుగంట ఆగి, అప్పుడు బయల్దేరండి, లేదా క్యాబ్ ఎక్కండి. నిద్ర కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

పని రోజుల్లో నిద్ర 8:30 నుంచి 3:30. లేచాక సాయంత్రం ఎండలో పావుగంట తిరగాలి, అది చెడుపు చెయ్యదు, మత్తు వదలడానికి కూడా మంచిది. ఇక వీకాఫ్ దగ్గరే అందరూ తప్పుతారు. పూర్తిగా పగటి మనిషిలా మారొద్దు, అలాగని ఇంట్లోవాళ్ళు మెలకువగా ఉన్నప్పుడల్లా నిద్రపోనూ వద్దు, మధ్యలో ఆగండి. శనివారం పొద్దున వచ్చాక 8:30 నుంచి 1:30 వరకే పడుకుని, ఆ రాత్రి 3కి పడుకుని ఆదివారం 12కి లేవడం, ఆదివారం రాత్రి కూడా అంతే, సోమవారం షిఫ్ట్‌కి ముందు సాయంత్రం గంటన్నర కునుకు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం, రాత్రి సినిమా అన్నీ ఇంట్లోవాళ్ళతోనే, పోయేది పొద్దుటి పూట ఒక్కటే. అమ్మకి "పన్నెండు దాకా పడుకుంటాడేంట్రా" అని కోపం వస్తుంది, ఒక నెల ఓర్చుకోమనండి.

పని చేస్తోందో లేదో తెలియడానికి వాచీలు, యాప్‌లు అక్కర్లేదు. నిద్ర బాగా ముంచుకొచ్చే టైమ్ రోజూ రాసుకోండి. 4:30కే ఉంటే గడియారం కదల్లేదు. 6, తర్వాత 7, అలా జరుగుతూ మంచం ఎక్కే టైమ్ దాటిపోతే కదిలినట్టే. ఆ అబ్బాయికి రెండో వారంలో నిద్ర 2 దాకా సాగింది, ఆ తర్వాత 3 దాటింది. అలా జరిగాక పొద్దుటి ఎండ గురించి అంత కంగారు పడక్కర్లేదు, ఎందుకంటే అప్పటికి ఆ ఎండ ఒంటి వేడి బాగా తగ్గే టైమ్‌కి ముందే పడుతుంది.

తిండి

నిద్ర సరిగ్గా ఉన్నా రాత్రి 2కి బిర్యానీ తింటే పొట్ట ఒప్పుకోదు, రాత్రి పూట ఒళ్ళు షుగర్‌ని సరిగ్గా సర్దుకోలేదు. పెద్ద భోజనం లాగిన్‌కి ముందే కానిచ్చేసి, మధ్యలో మజ్జిగ, పల్లీలు, పండు. నైట్ పనిని క్యాన్సర్ పరిశోధనలు చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2007లోనూ మళ్ళీ 2019లోనూ క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న 2ఏ గ్రూపులో పెట్టింది, ఏ రొటీనూ ఆ రిస్క్‌ని సున్నా చెయ్యదు, కాబట్టి ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపించుకోండి.

మిగతావి

షిఫ్ట్ వారానికోసారి మారేవాళ్ళు ఈ ఎండ లెక్క వదిలెయ్యండి, గడియారం జరిగేలోపే షిఫ్ట్ మారిపోతుంది. మీకు పని చేసేది షిఫ్ట్ ముందు కునుకు, టీ టైమ్ కట్టడి, అంతే. మందు తాగి పడుకుంటే నిద్ర మధ్యలోనే తెగుతుంది, నిద్ర మాత్రలు, మెలటోనిన్ డాక్టర్ చెప్పకుండా వద్దు. 7 గంటలు పడుకున్నా మత్తు వదలట్లేదు, పైగా గట్టిగా గురక పెడుతున్నావని రూమ్మేట్ అంటే అది నిద్రలో ఊపిరి మధ్య మధ్య ఆగిపోయే స్లీప్ ఆప్నియా కావచ్చు, టెస్ట్ చేయించుకోండి. థైరాయిడ్, రక్తహీనత అప్పుడప్పుడు బయటపడతాయి, ఒక రక్త పరీక్షతో తేలిపోతుంది.