విదేశంలో స్థానిక సిమ్ తీసుకున్నాక కూడా పాత సిమ్‌కు బిల్లు వస్తుంటే

సమస్య దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చదువు కోసం విదేశం వెళ్లిన విద్యార్థి అక్కడి సిమ్ తీసుకుని, ఇంటివాళ్లతో వాట్సాప్‌లో మాట్లాడుకుంటూ, బ్యాంకు ఓటీపీల కోసం పాత సిమ్‌ను రెండో స్లాట్‌లో ఉంచుకుంటాడు. నెల తిరిగేసరికి పాత సిమ్‌లో బ్యాలెన్స్ మాయమవుతుంది, పోస్ట్‌పెయిడ్ అయితే ఊహించని బిల్లు వస్తుంది. అప్పుడు చాలామంది స్థానిక ప్లాన్ సరిపోలేదనుకుని మరింత ఖరీదైన ప్లాన్‌కు మారుతున్నారు. దయచేసి ముందుగా వివరాల బిల్లు తెరిచి చూడండి. డబ్బు ఏ సిమ్ నుంచి పోయింది, డేటాకా, ఎస్సెమ్మెస్‌కా, కాల్‌కా అన్నది అందులో ఉంటుంది. రెండు నిమిషాల ఈ పనిని దాటవేసినవాళ్లే నెలల తరబడి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

పోయింది డేటాకైతే, విమానం దిగగానే పాత సిమ్‌కు ఆన్ చేసిన Data Roaming అలాగే ఉండిపోయిందన్నమాట. దాన్ని ఆపి, మొబైల్ డేటాకు కొత్త సిమ్‌ను ఎంచుకుని, డేటాను ఒక సిమ్ నుంచి మరోదానికి తనంతట తానే మార్చే సెట్టింగ్‌ను కూడా ఆపేయండి. వాట్సాప్ పాత నంబరుతోనే కొత్త సిమ్ డేటా మీద పనిచేస్తుంది కాబట్టి నంబరు మార్చవలసిన అవసరం లేదు.

మీరు చేసిన కాల్సే బిల్లులో కనిపిస్తే, అవి పాత సిమ్ మీద వెళ్లి ఉంటాయి. ఐఫోన్ మామూలుగా ఒక వ్యక్తికి చివరిసారి ఏ సిమ్ నుంచి కాల్ చేశారో మళ్లీ అదే సిమ్‌ను వాడుతుంది. అమ్మ నంబరుకు ఇన్నేళ్లూ పాత సిమ్ నుంచే చేశారు కనుక కొత్త సిమ్ వేసినా కాల్ అటే పోతుంది. కాంటాక్ట్‌లో సిమ్‌ను మార్చి, నంబరును ప్లస్ గుర్తుతో, దేశ కోడ్‌తో భద్రపరచండి.

అసలు చిక్కు మీరు చేయనే చేయని కాల్స్ బిల్లులో కనిపించినప్పుడు వస్తుంది. ఉదాహరణకు, ఇంటి దగ్గర బంధువు ఒకరు అలవాటు కొద్దీ పాత నంబరుకు ఫోన్ చేశారనుకుందాం. మీకది రాత్రి 2 గంటలు, నిద్రలో ఉన్నారు. ఆ కాల్ స్వదేశం నుంచి మీరున్న దేశపు నెట్‌వర్క్ దాకా వచ్చి, మీ ఫోన్ మోగి, ఎవరూ ఎత్తకపోవడంతో వాయిస్‌మెయిల్‌కు మళ్లుతుంది. అయితే ఆ వాయిస్‌మెయిల్ ఉన్నది స్వదేశంలో. కాబట్టి కాల్ వచ్చిన దారినే అంతర్జాతీయ కాల్‌గా వెనక్కి వెళ్తుంది, వచ్చిన కాల్‌కు, వెళ్లిన కాల్‌కు చాలా నెట్‌వర్క్‌లు విడివిడిగా ఛార్జీ వేస్తాయి. ఖర్చవుతుందన్న భయంతో మీరు కాల్ కట్ చేసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే నెట్‌వర్క్ దాన్ని బిజీగా లెక్కించి అక్కడికే మళ్లిస్తుంది. ఒకే నిమిషంలో ఒక ఇన్‌కమింగ్, దాని వెంటనే మీకు తెలియని స్వదేశపు నంబరుకు ఒక అవుట్‌గోయింగ్ బిల్లులో కనిపిస్తే, కారణం ఇదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

నిర్ధారించుకోవడానికి పాత సిమ్‌ను ఎంచుకుని, ఈ కోడ్‌లను ఒక్కొక్కటిగా డయల్ చేయండి. మొదటిది కాల్ ఎత్తనప్పుడు, రెండోది ఫోన్ అందుబాటులో లేనప్పుడు, మూడోది బిజీగా ఉన్నప్పుడు కాల్ ఎక్కడికి మళ్లుతుందో చెబుతుంది.

```
*#61#
*#62#
*#67#
```

ఏదైనా నంబరు కనిపిస్తే, ఈ మూడు రకాల మళ్లింపునూ ఒకేసారి రద్దు చేసేది ఇది:

```
##004#
```

రద్దు చేశాక మొదటి మూడు కోడ్‌లను మళ్లీ డయల్ చేసి, ఏ నంబరూ మిగల్లేదని చూసుకోండి. కొన్ని నెట్‌వర్క్‌లు ఈ కోడ్‌లను అంగీకరించవు, రోమింగ్‌లో ఉన్నప్పుడు మరీ మొండికేస్తాయి. అందుకే ప్రయాణానికి ముందే చేసుకోవడం మంచిది. ఆ అవకాశం దాటిపోతే కస్టమర్ కేర్‌కు చాట్‌లో రాసి, వాయిస్‌మెయిల్‌ను, కాల్ ఫార్వార్డింగ్‌ను పూర్తిగా తీసేయమని అడగండి. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లకు దీనివల్ల ఏ ఆటంకమూ ఉండదు.

ఫోన్ పాత నెట్‌వర్క్‌కు లాక్ అయి ఉండడం, అక్కడి 4జీ కాలింగ్‌కు ఫోన్ సరిపడకపోవడం వంటివి అరుదు. పైగా వాటివల్ల సిమ్ పనిచేయదు లేదా కాల్స్ వెళ్లవు తప్ప బిల్లు పెరగదు.

ఇవన్నీ సరిచేశాక స్థానిక ప్లాన్ ఎంపిక తేలికవుతుంది. ఇంట్లో అందరికీ స్మార్ట్‌ఫోన్ ఉంటే డేటా ఒక్కటే చూసుకోండి. వీడియో కాల్ గంటకు వందల ఎంబీ తింటుంది, వాయిస్ కాల్‌కు అందులో కొంతే చాలు. బటన్ ఫోన్ వాడే తాతయ్యో అమ్మమ్మో ఉంటే మాత్రం అంతర్జాతీయ నిమిషాలున్న ప్లాన్ తీసుకోండి. ‘అపరిమిత కాల్స్’ అన్నది సాధారణంగా ఆ దేశం లోపలి కాల్స్‌కే వర్తిస్తుంది. అంతర్జాతీయ నిమిషాల జాబితాలో మీ దేశం ఉన్నా, అవి మొబైల్ నంబర్లకు కూడా వర్తిస్తాయా, ల్యాండ్‌లైన్లకు మాత్రమేనా అన్నది డబ్బు కట్టకముందే చదవండి.