ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్: టికెట్ కొనే ముందే చూసుకోవలసినవి

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే సర్టిఫికెట్ విషయంలో చాలామంది పొరబడేది ఒక్కచోటే. "మా దేశంలో ఆ జబ్బు లేదు, మేం వెళ్లే దేశంలోనూ లేదు, ఇక మాకెందుకు?" అనుకుంటారు. కానీ సరిహద్దు దగ్గర అధికారి చూసేది మీ పాస్‌పోర్టు ఏ దేశానిదని కాదు, మీరు ఏ దారిన వచ్చారని.

దానికి కారణం ఉంది. ఎల్లో ఫీవర్ దోమల వల్ల వస్తుంది. ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ కొన్ని దేశాల్లో ఉంది. ఘనా, ఉగాండా లాంటి దేశాలు వచ్చే ప్రతివారినీ సర్టిఫికెట్ అడుగుతాయి. ఇంకొన్ని దేశాల్లో జబ్బు లేదు గాని, దాన్ని వ్యాపింపజేయగల దోమ మాత్రం ఉంది. జబ్బుతో ఒక్కరు దిగినా అక్కడ అంటుకునే వీలుంది కనుక, ఆ ప్రమాదం ఉన్న దేశాల మీదుగా వచ్చేవాళ్లనే అవి ఆపి అడుగుతాయి. భారత్, థాయ్‌లాండ్, దక్షిణాఫ్రికా ఈ రెండో రకం. చిక్కంతా ఈ రెండో రకంతోనే, ఎందుకంటే అక్కడి నియమం మీ టికెట్ మీద ఆధారపడి ఉంటుంది.

ఒక ప్రయాణం తీసుకుందాం. జబ్బు లేని దేశంలో బయల్దేరిన ఒకరు నైరోబీలో విమానం మారి జొహాన్నెస్‌బర్గ్ వెళ్తున్నారు. కెన్యా ప్రమాదం ఉన్న దేశాల జాబితాలో ఉంది. అలాంటి దేశపు విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగినవారిని దక్షిణాఫ్రికా సర్టిఫికెట్ అడుగుతుంది. ఈయన టికెట్ ప్రకారం నైరోబీలో ఆగేది మూడు గంటలే కనుక అవసరం లేదు. అయితే మొదటి విమానం ఆలస్యమై తర్వాతిది తప్పిపోతే? మర్నాటి విమానం ఇస్తారు, మూడు గంటలు కాస్తా పద్నాలుగవుతాయి. కాగితం లేకుండా దిగితే ఆపేస్తారు. కాస్త తక్కువ ధరని రాత్రంతా ఆగే టికెట్ కొన్నా ఇదే పరిస్థితి. దారిలో ప్రమాదం ఉన్న దేశం ఒక్కటి తగిలినా, గంటల లెక్క ఎంత అనుకూలంగా ఉన్నా, ఆరోగ్యం అనుమతిస్తే టీకా వేయించుకునే వెళ్లమంటాను.

తిరుగు ప్రయాణాన్ని కూడా ఇలాగే చూడాలి. భారత్‌లో నియమం మరోలా ఉంది. ప్రమాదం ఉన్న దేశం వదిలిన ఆరు రోజుల లోపు చెల్లే సర్టిఫికెట్ లేకుండా దిగితే, ఆ ఆరు రోజులు పూర్తయ్యేదాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఆరు అనే అంకె ఎందుకంటే, అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో ఈ జబ్బు బయటపడే గడువు అంతే. సొంత దేశానికి తిరిగొస్తున్నాం కదా అని ఎవరూ సడలించరు.

ఇక తేదీల లెక్క. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుబాటు మొదలవుతుంది. జొహాన్నెస్‌బర్గ్‌లో దిగేది జూన్ 20 అయితే, సూది పడాల్సిన ఆఖరి రోజు జూన్ 10. పదకొండున వేయించుకుంటే కార్డు చేతిలో ఉన్నా ఆ రోజుకి చెల్లదు. కాగితం మీద ఇది తేలిగ్గానే కనిపిస్తుంది. కానీ ఈ టీకా ప్రతి ఆసుపత్రిలోనూ వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, వాటి సర్టిఫికెటే చెల్లుతుంది. కొన్నిచోట్ల వారంలో కొన్ని రోజులే వేస్తారు, ఒక్కోసారి స్టాకు ఉండదు.

అంతకంటే జనం ఊహించని అడ్డంకి ఇంకొకటి ఉంది. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి తయారుచేసిన టీకా. తట్టు, గవదల టీకా (ఎంఎంఆర్), ఆటలమ్మ టీకా కూడా ఇలాంటివే. ఈ రకం సూదులు రెండు వేయించుకోవాలంటే ఒకే రోజు వేయించుకోవాలి, లేదా మధ్యలో నాలుగు వారాలు ఆగాలి. పై ప్రయాణికుడు జూన్ 1న ఎంఎంఆర్ ఒక్కటే వేయించుకుని వచ్చాడనుకోండి. ఎల్లో ఫీవర్ సూదికి జూన్ 29 దాకా ఆగమంటారు, జూన్ 20 ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, వేయించుకోవాల్సిన టీకాలన్నీ డాక్టరుకు ఒకేసారి చెప్పాలి.

కార్డు చేతికి ఇవ్వగానే కేంద్రంలోనే నిలబడి చదవండి. పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. టీకా తేదీలో నెలను అంకెల్లో కాక అక్షరాల్లో రాయాలి. లేకపోతే 6, 10 అని ఉన్న తేదీ ఒక దేశంలో జూన్‌గా, ఇంకో దేశంలో అక్టోబరుగా కనిపిస్తుంది. టీకా బ్యాచ్ నంబరు, కేంద్రం ముద్ర, టీకా వేయించిన డాక్టరు లేదా అధికారం ఉన్న ఆరోగ్య సిబ్బంది సంతకం అన్నీ ఉండాలి. ముద్ర ఉంది కదా అని సంతకం వదిలేస్తే కుదరదు. మీరు సంతకం పెట్టాల్సిన చోటు కూడా ఖాళీగా ఉండకూడదు. కొట్టివేతలు, దిద్దుళ్లు ఉంటే కొత్త కార్డు అడగండి, అక్కడైతే ఐదు నిమిషాల పని. పిల్లలకు ఎవరి కార్డు వారిదే.

పాత కార్డు ఉన్నవాళ్లు దాన్ని పారేయొద్దు. ఒకప్పుడు ఇది పదేళ్లే చెల్లేది. 2016 జూలై 11 నుంచి పాత కార్డులతో సహా జీవితాంతం చెల్లుతుంది. దాని మీద పదేళ్ల గడువు రాసి ఉన్నా సరే. అయినా కౌంటర్లో ఆ పాత గడువు చూసి ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వెళ్లే దేశపు ఆరోగ్య శాఖ పేజీలో ఈ మాట ఉన్నచోటు ప్రింటు తీసి దగ్గర పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది. టీకా కొరత ఉన్నప్పుడు కొన్నిచోట్ల వేసే తగ్గించిన డోసు మాత్రం ఈ సర్టిఫికెట్‌కు పనికిరాదు.

అందరూ ఈ టీకా వేయించుకోలేరు. తొమ్మిది నెలలు నిండని పసివాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. వద్దని డాక్టరు తేలిస్తే కార్డులోని మినహాయింపు పేజీ నింపి, కారణంతో సంతకం చేసిన లేఖ ఇస్తారు. కానీ దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం. కాబట్టి ఆ లేఖ కాపీని ముందే రాయబార కార్యాలయానికి పంపి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ జవాబు రాకపోతే ప్రమాదం ఉన్న దేశాన్ని తప్పించే టికెట్టే మేలు.

నియమాలు ఎక్కడ చూడాలి? తెలిసినవాళ్లు రెండేళ్ల కిందట వెళ్లొచ్చిన అనుభవం పనికిరాదు. దిగే ప్రతి దేశపు ఆరోగ్య శాఖ లేదా రాయబార కార్యాలయం పేజీ చూడండి. చెక్‌ఇన్ కౌంటర్లో సిబ్బంది టిమాటిక్ అనే డేటాబేస్‌లో మీ దారి కొట్టి చూస్తారు, విమానం ఎక్కించేదీ ఆపేదీ దాన్ని బట్టే. టికెట్ కొనే ముందు ఒకసారి, బయల్దేరే వారం ముందు మరోసారి విమాన సంస్థను మీ పూర్తి దారి చెప్పి అడగండి. మధ్యలో ఎక్కడైనా జబ్బు బయటపడితే నియమం రాత్రికి రాత్రి మారిపోవచ్చు.

టీకాతో పాటు పరీక్ష రిపోర్టు కూడా అడిగే దేశమైతే, గంటల లెక్క ఎక్కడ మొదలవుతుందో చూడండి. కోవిడ్ రోజుల్లో చాలామంది ఇబ్బంది పడింది దీనితోనే. "72 గంటల లోపు" అంటే శాంపిల్ ఇచ్చినప్పటి నుంచా, రిపోర్టు వచ్చినప్పటి నుంచా? విమానం ఎక్కేవరకా, దిగేవరకా? అది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉండేది. రిపోర్టు మీద శాంపిల్ తీసిన తేదీతో పాటు సమయం, మీ పాస్‌పోర్టు నంబరు ముద్రించమని ల్యాబ్‌లో శాంపిల్ ఇచ్చేటప్పుడే చెప్పండి.